జ్వరంలో స్కాన్ తీస్తే ప్లీహం 14.1 సెం.మీ. వచ్చింది. జ్వరం వల్లనా, లివర్ వల్లనా?

రాజేష్_బంగారుపాళ్యం · నవంబరు 18, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా బావకు 46 ఏండ్లు. బంగారుపాళ్యం పక్కన పల్లె, నాలుగు ఆవులు, రెండెకరాల సేద్యం. జరం వచ్చి ఈరోజుకు ఎనిమిది రోజులు. చిత్తూరులో చూపిస్తే కడుపు స్కాన్ రాసినారు. రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు పెడుతున్నా.

స్ప్లీన్ 14.1 సెంటీమీటర్లు, మైల్డ్ స్ప్లీనోమెగలీ. లివర్ ఎకోటెక్స్చర్ కొంచెం కోర్స్. పోర్టల్ వెయిన్ 14 మిల్లీమీటర్లు. కడుపులో నీరు లేదు. రక్తంలో ప్లేట్‌లెట్లు 62,000, తెల్లకణాలు 9,800, ఎస్‌జీఓటీ 188, ఎస్‌జీపీటీ 112. డెంగీ ఎన్‌ఎస్1 నెగటివ్. వైడాల్ 1:160, దాన్ని చూసి టైఫాయిడ్ అంటున్నారు.

నాకు అర్థం కానిది ప్లీహం సంగతి. మా అవ్వ చూసి "కడుపులో బల్ల కట్టింది, ఆముదం పెట్టి రుద్దండి" అంటోంది. 14.1 అంటే ఎంత పెద్దది? జరం తగ్గితే అదీ తగ్గుతుందా?

పుంగనూరు_వాసు · నవంబరు 18, రాత్రి 10:05

భయపడొద్దన్నా. ఏ జరమొచ్చినా ప్లీహం ఉబ్బుతుంది, రక్తంలోని చెత్తంతా వడకట్టేది అదే కదా. జరం పోతే రెండు వారాల్లో అదే దిగిపోతుంది, మళ్ళీ స్కాన్‌కు డబ్బులు పోసే పని లేదు. వైడాల్ వచ్చింది కాబట్టి టైఫాయిడ్ ఇంజెక్షన్లు వేయించేయండి.

స్కాన్‌గది_తిరుపతి · నవంబరు 18, రాత్రి 10:50

రాజేష్ గారూ, ముందు ఒక్క మాట. కడుపు రుద్దించకండి. ఆముదంతో కూడా వద్దు. జ్వరంలో ఉబ్బిన ప్లీహం మెత్తగా, నిండా రక్తంతో ఉంటుంది. ఎడమ పక్కటెముకల కింద గట్టిగా నొక్కితే పొర చిట్లి లోపల రక్తం కారే ప్రమాదం ఉంది. ఇలా జరగడం అరుదే, కానీ జరిగిందంటే ప్రాణం మీదికి వస్తుంది. ప్లేట్‌లెట్లు 62,000 ఉన్న మనిషికి ఇంకా ప్రమాదం.

ఇక కొలత. పెద్దవాళ్ళలో ప్లీహం పొడవు 12 సెంటీమీటర్ల వరకు మామూలు అని అందరం రాస్తాం. ఆరడుగుల మనిషికి 13 ఉన్నా రోగం కాకపోవచ్చు, పొట్టిగా సన్నగా ఉన్న ఆడమనిషికి 12 కూడా ఎక్కువే కావచ్చు. 14.1 మాత్రం ఎవరికైనా పెరిగినట్టే. అయితే కొద్దిగానే పెరిగింది. బొడ్డు దాటి కిందికి దిగే ప్లీహాలు 20 దాటి ఉంటాయి, ఆ కథ వేరు.

పేషెంటును కుడి పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఎడమ పక్కటెముకల సందులోంచి ప్రోబ్ పెట్టి, పై కొన నుంచి కింది కొన దాకా అత్యంత పొడవైన గీత తీస్తాం. ప్రోబ్ కొంచెం వాలిందంటే అర సెంటీమీటరు అటూ ఇటూ అవుతుంది. మనిషి మారితే సెంటీమీటరు తేడా కూడా వస్తుంది. కాబట్టి 14.1లో ఆ చివరి 1ని పట్టుకుని వేలాడకండి.

నన్ను ఆపింది ప్లీహం కొలత కాదు, దాని పక్కనున్న రెండు ముక్కలు. లివర్ కోర్స్‌గా, అంటే గరుగ్గా ఉంది, పోర్టల్ వెయిన్ 14 మిల్లీమీటర్లు ఉంది అని రాశారు. పేగుల నుంచి, ప్లీహం నుంచి రక్తాన్ని లివర్‌కు మోసుకెళ్ళే నరం అది. మామూలుగా 13 దాటదు. గట్టిగా ఊపిరి పీల్చి పట్టుకున్నా, అన్నం తిని వచ్చినా అది వెడల్పవుతుంది, అందుకే ఈ ఒక్క కొలతతో తీర్పు చెప్పలేను. జ్వరంతో మాత్రమే ఉబ్బిన ప్లీహం అయితే ఈ రెండూ సాధారణంగా పక్కన కనిపించవు. ఈ కాగితాన్ని జాగ్రత్తగా దాచండి. వాసు గారు చెప్పినట్టు మళ్ళీ స్కాన్ వద్దనుకోవడం ఈ కేసులో సరికాదు.

హరి_ఫిజీషియన్ · నవంబరు 18, రాత్రి 11:30

స్కాన్‌గది సార్ చెప్పిన లివర్ సంగతి నిజమే, కానీ దానికి టైముంది. ఎనిమిది రోజుల జ్వరానికి టైము లేదు. ముందు అది.

వైడాల్ 1:160 ఒక్కసారి వచ్చినంత మాత్రాన టైఫాయిడ్ అనకండి. మన ప్రాంతంలో ఎప్పుడో టైఫాయిడ్ సోకినవాళ్ళకు, ఇంకేదో జ్వరం వచ్చినవాళ్ళకు కూడా అంత వస్తుంది. టైఫాయిడ్‌కు నమ్మదగిన పరీక్ష బ్లడ్ కల్చర్, అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు తీయాలి. ఎన్‌ఎస్1 నెగటివ్ అంటే డెంగీ లేదని కూడా కాదు. ఎనిమిదో రోజుకు ఎన్‌ఎస్1 చాలామందిలో మాయమైపోతుంది, ఈ దశలో ఐజీఎం యాంటీబాడీ చూడాలి.

నాకు అనుమానం స్క్రబ్ టైఫస్ మీద, గడ్డిలో, పొదల్లో ఉండే నల్లి లాంటి చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం అది. ఆవులకు గడ్డి కోసే మనిషి, వానలతో పాటు చలి మొదలయ్యే కాలం, వారం దాటిన జ్వరం, ప్లేట్‌లెట్లు తక్కువ, తెల్లకణాలు తగ్గకపోవడం, లివర్ ఎంజైములు పెరగడం, ప్లీహం కొద్దిగా ఉబ్బడం. మన చిత్తూరు, తిరుపతి, వేలూరు చుట్టుపక్కల ఇది బాగా ఉన్న జబ్బు. డెంగీలో అయితే తెల్లకణాలు చాలావరకు నాలుగు వేల కిందికి పడతాయి, ఈయనకు 9,800 ఉన్నాయి.

బావగారి బట్టలు తీసి వెలుతురులో ఒళ్ళంతా చూడండి. ఆ పురుగు కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు, చుట్టూ ఎర్రటి అంచు ఉంటుంది. నొప్పి, దురద ఉండవు కాబట్టి మనిషికి తెలియదు. చంకల్లో, గజ్జల్లో, మొలతాడు కింద, మోకాలి వెనక, తల వెంట్రుకల్లో వెతకండి. కనిపించకపోయినా స్క్రబ్ కాదని కాదు. స్క్రబ్ ఐజీఎం, డెంగీ ఐజీఎం, మలేరియా స్మియర్, క్రియాటినిన్ చేయించమని రేపు పొద్దున్నే డాక్టరును అడగండి.

ఆయాసం, మగత, మూత్రం తగ్గడం, ఎక్కడైనా రక్తం కారడం, ఎడమ పైకడుపులో నొప్పి వచ్చి ఎడమ భుజం దాకా లాగడం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు, రుయాకో స్విమ్స్‌కో వేలూరుకో ఏది దగ్గరైతే అక్కడికి వెళ్ళిపోండి. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఇవ్వకండి. కండకు సూదులు వేయించకండి. జ్వరానికి పారాసిటమాల్ చాలు, అదీ ఎంజైములు పెరిగి ఉన్నాయి కాబట్టి డాక్టరు చెప్పిన మోతాదు దాటకుండా.

ల్యాబ్_మునిరత్నం · నవంబరు 19, ఉదయం 6:20

ప్లేట్‌లెట్ల గురించి ఒక మాట సార్. మిషన్ 62,000 చూపించినంత మాత్రాన అదే నిజం కాదు. ఊదారంగు మూత ట్యూబులో కొందరి ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుంటాయి, మిషన్ ఒక్కో గుంపును ఒక్కటిగా లెక్కేస్తుంది. స్మియర్ వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. గుంపులు కనిపిస్తే నీలంమూత సిట్రేట్ ట్యూబులో మళ్ళీ తీస్తాం. రిపోర్టు కింద "స్మియర్‌లో సరిచూసినాం" అని ఉందేమో చూడండి.

మలేరియా స్మియర్‌కు చలి పుట్టి వణుకుతున్నప్పుడో, జరం ఎక్కుతున్నప్పుడో రక్తం ఇస్తే మంచిది. ఒకసారి నెగటివ్ వస్తే మరుసటి రోజు మళ్ళీ చూడాలి.

రాజేష్_బంగారుపాళ్యం · నవంబరు 19, మధ్యాహ్నం 1:15

హరి సార్, దొరికింది. మొలతాడు కిందనే, కుడి పక్కన. చిన్నది, బఠానీ గింజంత, నల్లగా పెచ్చు కట్టి ఉంది. ఆయన మొలతాడు రాపిడి అనుకున్నాడంట. ఇక్కడి డాక్టరుకు చూపిస్తే ఆయనే "ఇది స్క్రబ్" అని డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఏడు రోజులకు రాసినారు. ఐజీఎంకు రక్తం తీసినారు. స్మియర్‌లో గుంపులు లేవు, ప్లేట్‌లెట్లు నిజంగానే తక్కువున్నాయి. మలేరియా లేదు.

హరి_ఫిజీషియన్ · నవంబరు 19, మధ్యాహ్నం 2:00

మంచిది. స్క్రబ్ అయితే మామూలుగా 48 గంటల్లో జ్వరం దిగాలి. దిగకపోతే ఇంకేదో తోడుగా ఉందని మళ్ళీ వెతకాలి. మాత్ర నిండా గ్లాసు నీళ్ళతో మింగి అరగంట పడుకోకుండా కూర్చోమనండి, లేకపోతే అన్నవాహిక పుండు పడుతుంది. పాలతో వేసుకోవద్దు, మందు ఒంటికి సరిగా పట్టదు. పాడి ఉన్న ఇల్లు కాబట్టి చెబుతున్నా. ఏడు రోజులూ పూర్తి చేయండి.

లత_శ్రీకాళహస్తి · నవంబరు 20, రాత్రి 8:30

నమస్తే. మా పాపకు ఏడేళ్ళు. కడుపు నొప్పంటే స్కాన్ తీశారు, స్ప్లీన్ 11.2 అని ఉంది. పైన సార్ 12 వరకు మామూలే అన్నారు కదా, అది చదివాక ఊపిరి వచ్చింది. రిపోర్టు చివర్లో కూడా ఏమీ రాయలేదు. అంటే ఏమీ లేనట్టే కదా?

స్కాన్‌గది_తిరుపతి · నవంబరు 20, రాత్రి 9:10

లతమ్మా, ఆ 12 పెద్దవాళ్ళ లెక్క. నేను అప్పుడే విడిగా చెప్పి ఉండాల్సింది. పిల్లల్లో వయసును బట్టి హద్దు మారుతుంది. ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య పిల్లలకు సుమారు 10 సెంటీమీటర్లు, పదేళ్ళకు 11 పై హద్దుగా తీసుకుంటాం. ఏడేళ్ళ పాపకు 11.2 అంటే పెరిగినట్టే. మిషన్‌లో పెద్దవాళ్ళ ఫార్మాట్ నింపి పంపేస్తే ఇలాంటివి తప్పిపోతుంటాయి.

పాపకు ఈమధ్య జ్వరం వచ్చిందా? మొహం పాలిపోయి ఉందా, కళ్ళు పసుపు పచ్చగా ఉంటాయా? పుట్టిన కొత్తలో బొడ్డు దగ్గర చీము పట్టిందా, ఇంక్యుబేటర్లో పెట్టి బొడ్డు నరానికి సెలైన్ ఎక్కించారా? రక్తం కక్కిందా, మలం తారులా నల్లగా వచ్చిందా?

లత_శ్రీకాళహస్తి · నవంబరు 20, రాత్రి 9:45

రక్తం కక్కడం లేదు సార్. పోయిన నెల అయిదు రోజులు జ్వరం, గొంతు నొప్పి, మెడ పక్కన బిళ్ళలు కట్టినాయి. పుట్టినప్పుడు పదిరోజులు పిల్లల ఐసీయూలో ఉంది, బొడ్డు దగ్గర ఏం పెట్టారో నాకు గుర్తులేదు. మా ఆయన మేనమామ కొడుకు, తలసీమియా ఏమైనా ఉంటుందా అని భయమేస్తోంది.

హరి_ఫిజీషియన్ · నవంబరు 20, రాత్రి 10:20

అమ్మా, గొంతు నొప్పి, మెడ బిళ్ళలు, ప్లీహం కలిసి వచ్చాయి కాబట్టి వైరల్ జ్వరం తాలూకు వాపే అయ్యే అవకాశం ఎక్కువ. అది దిగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. అందాకా ఆటల్లో కడుపుకు దెబ్బ తగలనివ్వకండి.

కానీ మీరు చెప్పిన మిగతా రెండు సంగతులు వదిలేసేవి కావు. పిల్లల డాక్టరు దగ్గర రక్తం పూర్తి లెక్క, స్మియర్, రెటిక్యులోసైట్లు చూపించండి. హిమోగ్లోబిన్ తక్కువై కణాలు చిన్నగా ఉంటే హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ రాస్తారు, తలసీమియా అక్కడ తేలుతుంది. ఐరన్ బాగా తక్కువుంటే ఆ పరీక్ష తప్పుదారి పట్టించవచ్చు, అందుకని ఫెరిటిన్ కూడా చూస్తారు. పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం ఉంటే తీసుకెళ్ళండి. బొడ్డు ఇన్ఫెక్షన్ పాకి పోర్టల్ నరం మూసుకుపోయిన పిల్లల్లో లివర్ పరీక్షలన్నీ బాగుంటాయి, ప్లీహం మాత్రమే పెరుగుతుంది. దానికి రక్తం పారే తీరు చూపే డాప్లర్ స్కాన్ చూడాలి. వేరే పోస్టుగా పెట్టండి, ఇక్కడ రెండు కేసులు కలిసిపోతున్నాయి.

రాజేష్_బంగారుపాళ్యం · నవంబరు 22, ఉదయం 7:30

డాక్సీ మొదలెట్టిన రెండోరోజు రాత్రికి జరం దిగింది. స్క్రబ్ ఐజీఎం పాజిటివ్. అన్నం తింటున్నాడు. అందరికీ చాలా థ్యాంక్స్.

స్కాన్‌గది_తిరుపతి · నవంబరు 22, ఉదయం 8:05

సంతోషం. జనవరి మొదటి వారంలో మళ్ళీ స్కాన్ తీయించండి. పరగడుపున, కనీసం ఆరు గంటలు ఏమీ తినకుండా. "పోర్టల్ డాప్లర్ కూడా కావాలి" అని రాయించుకోండి, లేకపోతే మామూలు కడుపు స్కాన్ చేసి పంపేస్తారు. పాత రిపోర్టు తీసుకెళ్ళండి. వీలైతే అదే చోట, అదే మనిషితో.

---

రాజేష్_బంగారుపాళ్యం · జనవరి 9, రాత్రి 8:50

సార్, మళ్ళీ వచ్చినా. మనిషి బాగున్నాడు, పొలం పనికి పోతున్నాడు. కానీ స్కాన్‌లో స్ప్లీన్ 14.6 వచ్చింది. పోర్టల్ వెయిన్ 14.5, లివర్ కోర్స్, అంచు కొంచెం గతుకులుగా ఉందని రాసినారు. డాప్లర్‌లో రక్తం లివర్ వైపే పోతోంది, గడ్డ కట్టలేదు, వేగం తక్కువ అని ఉంది. ప్లేట్‌లెట్లు 88,000. ఎస్‌జీఓటీ 62, ఎస్‌జీపీటీ 48. ఆల్బుమిన్ 3.6, బిలిరుబిన్ 1.3, ఐఎన్ఆర్ 1.2.

జరం పోయి ఏడు వారాలైంది. ప్లీహం తగ్గకపోగా పెరిగింది.

పుంగనూరు_వాసు · జనవరి 9, రాత్రి 9:15

అర సెంటీమీటరు పెరిగిందంటే లోపల ఏదో వేగంగా నడుస్తోందన్నా. బ్లడ్ క్యాన్సర్ ఏమో చూపించండి, ఎముక మజ్జ తీయించాలి. లేకుంటే ప్లీహమే తీసేస్తే ప్లేట్‌లెట్లు వాటంతట అవే పెరుగుతాయని విన్నాను.

స్కాన్‌గది_తిరుపతి · జనవరి 9, రాత్రి 9:50

వాసు గారూ, 14.1కీ 14.6కీ తేడా కొలతలోనే వచ్చేంత తేడా. పెరిగిందని చెప్పలేం. చెప్పగలిగింది ఒక్కటే, తగ్గలేదు. స్క్రబ్ వల్ల ఉబ్బిన ప్లీహం ఈపాటికి తగ్గుముఖం పట్టి ఉండాలి. పైగా ఈసారి పరగడుపున తీసినా పోర్టల్ నరం వెడల్పుగానే ఉంది, లివర్ అంచు గతుకులు తేలింది.

క్యాన్సర్ మాట ఊరికే అనకండి, ఆ ఇంట్లో ఎవరూ నిద్రపోరు. ప్లీహాన్ని పెంచే రక్త క్యాన్సర్లు ఉన్నాయి, నిజమే. వాటిలో మనం ఎక్కువగా చూసేది సీఎంఎల్. అందులో తెల్లకణాలు తరచు లక్ష దాకా, ఆపైకి పోతాయి, స్మియర్‌లోనే కనిపిస్తుంది. రాజేష్ గారూ, ఈసారి తెల్లకణాలు, స్మియర్ ఎలా ఉన్నాయి?

రాజేష్_బంగారుపాళ్యం · జనవరి 9, రాత్రి 10:00

తెల్లకణాలు 4,300. స్మియర్‌లో ప్లేట్‌లెట్లు తక్కువ, మిగతాది నార్మల్ అని ఉంది. మెడలో, చంకల్లో బిళ్ళలేవీ లేవు, బరువు తగ్గలేదు.

హరి_ఫిజీషియన్ · జనవరి 9, రాత్రి 11:10

అయితే మజ్జ దాకా ఇప్పుడే పోనక్కర్లేదు. రాజేష్ గారూ, నాకు ఒక కాగితం కావాలి. బావగారికి జ్వరం రాకముందు, ఎప్పుడైనా సరే, రక్తం పూర్తి లెక్క చేయించిన రిపోర్టు ఉందా? ఆపరేషన్, రక్తదానం, క్యాంపు, ఏదైనా. బీరువాలో వెతకండి.

ఎందుకంటే జ్వరంలో పడిన ప్లేట్‌లెట్లు వారం పది రోజుల్లో పైకొస్తాయి. ఈయనకు 62,000 నుంచి 88,000కి వచ్చి ఆగిపోయాయి. మామూలుగానే మన ప్లేట్‌లెట్లలో మూడో వంతు ప్లీహంలో నిలవుంటాయి. లివర్ గట్టిపడి రక్తం ముందుకు పోలేక ప్లీహంలోకి వెనక్కి తన్నితే ప్లీహం పెద్దదై ఇంకా ఎక్కువ ప్లేట్‌లెట్లను పట్టి ఉంచుతుంది. మజ్జ తయారు చేస్తూనే ఉంటుంది, రక్తంలో లెక్కకు మాత్రం రావు. అలాంటివాళ్ళకు ఏళ్ళ తరబడి లక్ష చుట్టూనే ఉంటాయి. జ్వరం వచ్చి పరీక్ష చేసేదాకా ఎవరికీ తెలియదు.

ఒక చిన్న లెక్క కూడా ఉంది, వయసు, రెండు ఎంజైములు, ప్లేట్‌లెట్లు చాలు. ఎస్‌జీఓటీ అంటే ఏఎస్‌టీ, ఎస్‌జీపీటీ అంటే ఏఎల్‌టీ. ప్లేట్‌లెట్లను వేలల్లో వేయాలి.

```
FIB-4 = (age × AST) / (platelets × √ALT)
      = (46 × 62) / (88 × √48)
      = 2852 / 609.7 ≈ 4.7
```

2.67 దాటితే లివర్‌లో మచ్చ బాగా ముదిరిందని అనుమానిస్తాం. ఈయనకు 4.7. ఇదే లెక్క నవంబరు రిపోర్టుతో వేస్తే 13 వస్తుంది, దానికి ఏ అర్థమూ లేదు. స్క్రబ్‌లో, డెంగీలో ఎంజైములు పెరిగి, ప్లేట్‌లెట్లు పడి ఆ అంకె దానంతటదే ఎగురుతుంది. అందుకే అప్పుడు ఈ మాట ఎత్తలేదు.

రాజేష్_బంగారుపాళ్యం · జనవరి 10, మధ్యాహ్నం 12:40

దొరికింది సార్. రెండేళ్ళ కిందట హెర్నియా ఆపరేషన్ అయింది, ఆ ఫైలు అక్క చీరల కింద పెట్టింది. అందులో ప్లేట్‌లెట్లు 1,05,000. కింద "తక్కువ" అని గుర్తు కూడా ఉంది. అప్పుడెవరూ ఏమీ అనలేదు. స్కాన్ మాత్రం పొత్తికడుపు వరకే తీసినారు, ప్లీహం ప్రస్తావన లేదు.

హరి_ఫిజీషియన్ · జనవరి 10, మధ్యాహ్నం 1:30

అదే కావలసింది. రెండేళ్ళ కిందటే 1,05,000 అంటే స్క్రబ్ టైఫస్ ఈ మనిషి మీదికి కొత్తగా వచ్చిన జ్వరం, లివర్ జబ్బు అప్పటికే ఉంది. జ్వరం దాన్ని బయటపెట్టింది అంతే. నవంబరులో ప్లీహానికి రెండు కారణాలూ ఉండి ఉంటాయి, ఒకటి పోయింది, ఒకటి మిగిలింది.

ఇక కారణం వెతకాలి. హెచ్‌బీఎస్ యాంటిజెన్, హెచ్‌సీవీ యాంటీబాడీ, షుగర్, కొలెస్ట్రాల్ చేయించండి. మందు అలవాటుంటే ఎంత, ఎన్నేళ్ళు అన్నది డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాలి. అక్క ముందు కాకుండా విడిగా అడగండి.

ఈలోగా ఆగకూడనిది ఎండోస్కోపీ. లివర్‌కు పోలేని రక్తం పక్కదారి పట్టి అన్నవాహిక కింది భాగంలో నరాలను ఉబ్బిస్తుంది. అవి పగిలితే దోసెడు దోసెడు రక్తం కక్కుతారు. ప్లేట్‌లెట్లు లక్షన్నర పైనుండి, లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్ 20 కిలోపాస్కల్స్ లోపుంటే ఎండోస్కోపీ వాయిదా వేయవచ్చు. 88,000 ఉన్న ఈయనకు ఆ వెసులుబాటు లేదు. పెద్ద నరాలుంటే కార్వెడిలాల్ ఇస్తారు, లేదా రబ్బరు బ్యాండ్లు వేస్తారు. కార్వెడిలాల్ 6.25తో మొదలుపెట్టి, బీపీ, నాడి చూసుకుంటూ 12.5కి పెంచుతారు. సొంతంగా కొనేది కాదు, ఉబ్బసం ఉన్నవాళ్ళకు, బీపీ తక్కువున్నవాళ్ళకు పనికిరాదు.

వాసు గారు అన్న ప్లీహం తీసేసే సంగతి. తీస్తే ప్లేట్‌లెట్లు పెరిగే మాట నిజమే. కానీ ఇక్కడ ప్లీహం దోషి కాదు, అడ్డం లివర్‌లో ఉంది. లివర్ ఇలా గట్టిపడిన, అంటే సిర్రోసిస్ ఉన్న మనిషికి ఆ ఆపరేషనే పెద్ద గండం. తర్వాత పోర్టల్ నరంలో రక్తం గడ్డ కట్టవచ్చు, న్యుమోకాకస్ లాంటి క్రిములు గంటల్లో ప్రాణం తీయవచ్చు, అందుకే తీయక తప్పనివాళ్ళకు ముందే టీకాలు వేస్తారు. 88,000 ప్లేట్‌లెట్లతో మనిషి మామూలుగా బతుకుతాడు.

పుంగనూరు_వాసు · జనవరి 10, సాయంత్రం 6:20

సరే సార్, క్యాన్సర్ మాట నేను తొందరపడి అన్నా, రాజేషన్నా ఏమనుకోవద్దు. ఒక సందేహం. ఆవుల ఇల్లు కదా, పచ్చిపాలు తాగితే వచ్చే బ్రూసెల్లా కూడా ప్లీహాన్ని పెంచుతుందంటారు. దాన్ని వదిలేసినామా?

హరి_ఫిజీషియన్ · జనవరి 10, సాయంత్రం 7:00

మంచి ప్రశ్న, పాడి జిల్లాలో అడగాల్సిందే. బ్రూసెల్లా అయితే జ్వరం వారాల తరబడి వస్తూ పోతూ ఉంటుంది, రాత్రుళ్ళు చెమటలు, నడుము నొప్పి, కీళ్ళ నొప్పులు. ఈయనకు జ్వరం పోయి ఏడు వారాలు, మళ్ళీ రాలేదు. అది రెండేళ్ళ కిందటి ప్లేట్‌లెట్లకు గానీ, గతుకుల లివర్‌కు గానీ కారణం చెప్పదు. జ్వరం తిరగబెడితే అప్పుడు బ్రూసెల్లా, టీబీ రెండూ లిస్టులోకి వస్తాయి.

రాజేష్_బంగారుపాళ్యం · జనవరి 17, రాత్రి 9:30

ఎండోస్కోపీ అయింది. మధ్యరకం నరాలు మూడు ఉన్నాయన్నారు, రక్తం కారే గుర్తులు లేవు. కార్వెడిలాల్ 6.25 మొదలెట్టినారు. హెపటైటిస్ బి, సి రెండూ నెగటివ్. షుగర్ మాత్రం ఉంది, హెచ్‌బీఏ1సీ 7.9, ఇదీ ఇప్పుడే బయటపడింది. బావ విడిగా ఒప్పుకున్నాడు, పదిహేనేండ్లుగా వారానికి నాలుగు రోజులు క్వార్టరు. మానేస్తానన్నాడు.

డాక్టరు ఫైబ్రోస్కాన్ కూడా రాసినారు. షుగర్ వల్లనా, మందు వల్లనా అన్నది అందులో తెలుస్తుందా?

స్కాన్‌గది_తిరుపతి · జనవరి 17, రాత్రి 10:05

తెలియదు. ఫైబ్రోస్కాన్ లివర్ ఎంత గట్టిగా ఉందో చెబుతుంది, కొవ్వు ఎంతుందో కూడా ఒక అంకె ఇస్తుంది. దేనివల్ల గట్టిపడిందో చెప్పదు. ఈయనలో రెండూ కలిసే ఉండొచ్చు. కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్ళండి, కడుపు నిండా తిని పోతే అంకె ఎక్కువ చూపిస్తుంది. ఈమధ్య దాకా తాగి ఉంటే కూడా ఎక్కువే చూపిస్తుంది, మానేసిన కొన్ని వారాలకు తీస్తే నిజానికి దగ్గరగా వస్తుంది. కొన్ని వారాలు ఆగి తీయించుకోవచ్చా అని డాక్టరును అడగండి.

లివర్‌లో గడ్డలు వస్తాయేమో అని ఆరు నెలలకోసారి స్కాన్ తప్పనిసరి. ఈ నెల తీసిన కడుపు స్కాన్ ఆ వరుసలో మొదటిదని ఫైలు మీద తేదీ వేసి పెట్టుకోండి, జులైలో రెండోది.

హరి_ఫిజీషియన్ · జనవరి 17, రాత్రి 10:40

రోజూ తాగే మనిషి కాకపోయినా, పదిహేనేళ్ళు తాగి ఒక్కసారిగా మానేస్తే మొదటి మూడు నాలుగు రోజులు వణుకు, నిద్ర లేకపోవడం, భ్రమలు రావచ్చు. ఆ రోజుల్లో ఒంటరిగా వదలకండి. వణుకు ఎక్కువైతే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కార్వెడిలాల్ నాడిని తగ్గిస్తుంది కాబట్టి తాగుడు మానేసిన లక్షణాల్లో గుండెదడ కనిపించకుండా పోతుంది, వణుకునూ చెమటనూ చూసి గుర్తుపట్టాలి.

లత_శ్రీకాళహస్తి · జనవరి 18, ఉదయం 10:15

సార్, మా పాపకు నిన్న మళ్ళీ తీస్తే 10.4 వచ్చింది, డాప్లర్ బాగుందన్నారు. హిమోగ్లోబిన్ 9.8, కణాలు చిన్నవి, ఫెరిటిన్ తక్కువ. ఐరన్ మూడు నెలలు వాడి అప్పుడు ఎలక్ట్రోఫోరెసిస్ చేద్దామన్నారు. వేరే పోస్టు పెట్టాను, అక్కడికి రండి.